ఒండ్రు నేలలో సాళ్ల తడి: నీళ్లు చివరిదాకా సమంగా వెళ్లేలా ఎలా చేశానంటే

నా సాళ్లు 180 మీటర్లు, వాలు 0.5 శాతం, సాలుకి సెకనుకి అర లీటరు వదిలేవాణ్ణి (పది లీటర్ల బకెట్ 20 సెకన్లలో నిండితే అంతే అన్నమాట). మొదటి సగం 50 నిమిషాల్లో తడిసేది, మిగతా సగానికి రెండు గంటలు దాటేది, ఇనుప చువ్వ గుచ్చి చూస్తే సాలు మొదట్లో జానెడున్నర దిగేది, చివర నాలుగు వేళ్లు కూడా దిగేది కాదు.

సరే అని నీళ్లు పెంచా. 0.6ని వాలు శాతంతో భాగిస్తే మట్టి కోతపడకుండా సాలుకి సెకనుకి వదలగల గరిష్ఠం వస్తుంది కదా, 1.2 లీటర్లు. కానీ ఒండ్రు మట్టికి అది ఎక్కువే, సాలు మొదట్లో కోసేసి, ఆ బురద మధ్యలో పేరుకుని నీళ్లు పక్క సాల్లోకి పొర్లాయి.

చివరికి మధ్యలో అడ్డకాలువ తీసి సాలు 90 మీటర్లు చేశా, 0.8 లీటర్లు పెట్టా, అరగంట లోపే చివరికి చేరింది. మొత్తం తడి రెండు గంటలు, అందులో పావు వంతులో చేరాలనేదే లెక్క. చేరగానే సగానికి తగ్గించేస్తా, లేకపోతే చివర మడుగే. రెండో తడికి మట్టి పైన పొర కడుతుంది, నీళ్లు ఇంకా త్వరగా పరిగెడతాయి, అప్పుడు మళ్లీ బకెట్ పెట్టి కొలవాల్సిందే.