వాయిస్ రిమోట్ పాఠాలు – 3: మైక్ నొక్కినా టీవీ వినకపోతే

పోయిన పాఠంలో బ్యాటరీల సంగతి చూశాం. ఈసారి మైక్ బటన్ నొక్కి, స్క్రీన్ మీద ఏం కనబడుతుందో చూడండి, ఎందుకంటే తప్పు ఎక్కడుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

మా ఇంట్లో గూగుల్ టీవీ రిమోట్ మైక్ నొక్కితే ఏమీ వచ్చేది కాదు, వాల్యూమ్ మాత్రం చక్కగా మారేది. దాంతో రిమోట్ బాగానే ఉందనుకుని రెండు రోజులు వేరే చోట్ల వెతికాను. నిజానికి చాలా రిమోట్లలో పవర్, వాల్యూమ్ లాంటివి ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తాయి, దానికి పెయిరింగ్, అంటే రిమోట్‌ని టీవీతో జత చేయడం, అక్కర్లేదు. గొంతు వెళ్లేది బ్లూటూత్ మీద, అది తెగిపోతే మైక్ మూగబోతుంది. రిమోట్‌లో టీవీ వైపుండే కొసని అరచేత్తో పూర్తిగా మూసి బాణం బటన్లు నొక్కండి. అప్పుడూ కదిలితే బ్లూటూత్ ఉన్నట్టే. ఆగిపోతే పెయిరింగ్ పోయిందని అనుమానించాలి. మా దాంట్లో ఆగిపోయింది. Settings లో Remotes & Accessories తెరిచి, Home, Back బటన్లు రెండూ కలిపి లైటు మినుకుమనేదాకా నొక్కి పట్టుకుంటే మళ్లీ కలిసింది. శాంసంగ్ స్మార్ట్ రిమోట్‌కైతే Return, Play/Pause కలిపి కనీసం 3 సెకన్లు పట్టుకోవాలి. బటన్ల జత కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ మోడల్ మాన్యువల్ ఒకసారి చూడండి.

పెయిరింగ్ అయ్యాక మైక్ నొక్కితే వినే గుర్తు వచ్చింది కానీ నేనేమన్నా ఒక్క అక్షరం పడలేదు. ఇలా అయితే పర్మిషన్ చూడాలి. Settings, Apps, Google, Permissions, Microphone వరకు వెళ్లి అనుమతి ఇవ్వండి. యూట్యూబ్ లోపల మాత్రమే మైక్ పనిచేయకపోతే ఆ యాప్‌కే విడిగా ఇవ్వాలి. మెనూ పేర్లు టీవీని బట్టి కొంచెం మారవచ్చు.

ఇక అక్షరాలు పడుతున్నాయి గానీ తప్పుగా పడుతున్నాయంటే పెయిరింగ్‌నీ పర్మిషన్‌నీ వదిలేయండి, అవి బాగానే ఉన్నాయి. మైక్ సాధారణంగా రిమోట్ పైభాగంలో ఉండే సూది బెజ్జమంత చిన్న రంధ్రం. సిలికాన్ కవర్ దాన్ని మూసేస్తే గొంతు మందగిస్తుంది, మా దానికి అదే జరిగింది. కవర్ తీసేసి, ఫ్యాన్ ఆపి, టీవీని మ్యూట్ చేసి, రిమోట్‌ని నోటికి జానెడు లోపు దూరంలో పట్టుకుని, గుర్తు వచ్చాకే మాట్లాడండి, ముందే మొదలుపెడితే మొదటి మాట తెగిపోతుంది. ఇప్పుడు సరిగ్గా పడితే ఫ్యానూ టీవీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టి చూడండి, ఏ చప్పుడు అడ్డుపడుతోందో దొరికిపోతుంది. నిశ్శబ్దంలోనూ తప్పే వస్తుంటే మీరు తెలుగులో అడుగుతున్నారా, టీవీ వాయిస్ భాష ఇంగ్లీషులో ఉందా అని చూడండి. ఆ భాష మార్చడం ఎలాగో వచ్చే పాఠంలో.