ఇంటిగ్రల్ గుర్తుకు ముందు ఒక ట్యాంకు లెక్క

ఇంటిగ్రల్ గుర్తు చూడగానే పిల్లలు సూత్రాలు బట్టీ పట్టడం మొదలెడతారు. గుర్తు రాయకముందే ఈ లెక్క ఇవ్వండి: కుళాయిని మెల్లగా తిప్పుతూ పోతే ధార 10 నిమిషాల్లో నిమిషానికి 0 నుంచి 20 లీటర్లకు సమంగా పెరిగింది. ట్యాంకులో ఎన్ని లీటర్లు చేరాయి?

గ్రాఫులో అడ్డంగా నిమిషాలు, నిలువుగా ధార వేగం. 2 నిమిషాలకో పట్టీ గీయించండి. ప్రతి పట్టీలో మొదటి వేగం తీసుకుంటే మొత్తం 80 లీటర్లు, చివరి వేగం తీసుకుంటే 120. నిమిషం పట్టీలతో 90, 110. జవాబు ఈ రెండింటి మధ్య ఇరుక్కుంటోందని వాళ్లే పట్టేస్తారు. గీత కింది త్రిభుజ వైశాల్యం 100. వేగాన్ని నిమిషాలతో గుణిస్తున్నాం కాబట్టే వైశాల్యం లీటర్లలో వస్తుందని ఇక్కడ ఆగి చూపించండి.

నిలువు అక్షం మీద నీటిమట్టం గీస్తే మాత్రం ఇది పనిచేయదు. ట్యాంకులో ముందే 30 లీటర్లుంటే వాటిని విడిగా కలపాలి, వైశాల్యం చెప్పేది కొత్తగా చేరిన నీళ్లే.