మారకపు రేటు చదవడం – 4వ పాఠం: కదలని దిర్హం, కదిలే రూపాయి

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల మనిషి ఒకరు నెలనెలా 1,500 దిర్హంలు ఇంటికి పంపుతారనుకుందాం. 2022 జనవరి మొదట్లో మార్కెట్ రేటు లెక్కన ఆ డబ్బు సుమారు 30,400 రూపాయలు. అదే ఏడాది అక్టోబరు చివరికి సుమారు 33,900 రూపాయలు. ఈ పది నెలల్లో దిర్హం పెరిగిందా, రూపాయి తగ్గిందా అన్నది ప్రశ్న. "దిర్హం రేటు పెరిగింది" అని గల్ఫ్‌లో మనవాళ్లు అనే మాట వాడుకలో తప్పు కాదు గాని, దిర్హం తనంతట తాను పెరిగే కరెన్సీ కాదు. 1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హంలు అన్న లెక్క మారలేదు. 2022లో యెన్, యూరో, పౌండు, రూపాయి అన్నిటి మీదా బలపడింది డాలరు. దానికి కట్టి ఉన్న దిర్హం దానితోపాటే పైకి వెళ్లింది.

కాబట్టి దిర్హం రేటును రూపాయల్లో తెలుసుకోవడానికి వేరే పట్టిక అక్కరలేదు, ఒక్క భాగహారం చాలు. డాలరు 74.50 రూపాయలు ఉన్న రోజున 74.50ని 3.6725తో భాగిస్తే 20.29 వస్తుంది, డాలరు 83కు చేరిన రోజున 22.60 వస్తుంది. ఎక్స్ఛేంజి బోర్డు మీద ఉన్న రేటు మంచిదా కాదా అని చూడడానికీ ఇదే కొలత. డాలరు 83.50 ఉన్న రోజు భాగహారం ప్రకారం 22.74 రావాలి, బోర్డు మీద 22.60 ఉంటే 1,500 దిర్హంలకు సుమారు 205 రూపాయలు రేటులోనే కోసుకున్నారన్నమాట. "ఫీజు లేదు" అని రాసిపెట్టిన చోట ఈ లెక్క తప్పక వేయాలి.

స్థిర పద్ధతి ఎలా నిలుస్తుంది

ఒక దేశం తన కరెన్సీని డాలరుకు కట్టివేసినట్టు ప్రకటించినంత మాత్రాన అది నిలవదు. ఆ రేటుకు ఎవరు ఎన్ని డాలర్లు అడిగినా ఇవ్వడానికీ, ఎవరు ఎన్ని తెచ్చినా తీసుకోవడానికీ ఆ దేశపు కేంద్ర బ్యాంకు సిద్ధంగా ఉండాలి. చమురు అమ్మకాల ద్వారా డాలర్లు వచ్చిపడే యూఏఈకి ఆ శక్తి ఉంది. అక్కడి మనిషికి దీనివల్ల కలిగే సౌఖ్యం పెద్దదే: డాలర్లలో కొనే సరుకు ధర మారకపు రేటు మూలంగా పెరగదు, దాచుకున్న దిర్హం డాలరుతో సమానంగా నిలుస్తుంది.

దీనికి ఒక మూల్యం ఉంది, అది వడ్డీలో కనిపిస్తుంది. అమెరికాలో వడ్డీ 5 శాతం, యూఏఈలో 1 శాతం ఉంటే, రేటు ఎలాగూ మారదు కాబట్టి డబ్బున్నవారందరూ దిర్హంలను డాలర్లుగా మార్చి బయటకు పంపేస్తారు. అందుకే 2022 మార్చి నుంచి 2023 జులై వరకు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అక్కడి ధరల పెరుగుదలను అదుపు చేయడానికి వడ్డీ పెంచుకుంటూ పోతే, యూఏఈ కేంద్ర బ్యాంకు కూడా వెంటవెంటనే పెంచుతూ 5.40 శాతానికి చేర్చింది. దుబాయ్‌లో మారే వడ్డీకి ఇంటి రుణం తీసుకున్నవారి కిస్తీ, అమెరికాలో ధరలు పెరిగినందుకు పెరిగింది.

డాలర్లు లేకుండా స్థిర రేటు పట్టుకొని కూర్చుంటే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021 సెప్టెంబరు నుంచి 2022 మార్చి మొదటి వారం దాకా అక్కడి కేంద్ర బ్యాంకు డాలరును సుమారు 200 శ్రీలంక రూపాయల దగ్గర నిలిపి ఉంచింది. ఆ రేటుకు డాలర్లు కావాలని బ్యాంకుకు వెళ్తే దొరికేవి కావు. బయట చాటుమాటుగా మార్చేవారు అంతకంటే బాగా ఎక్కువ ఇచ్చేవారు. గల్ఫ్‌లో ఉన్న శ్రీలంక కార్మికులు తమ డబ్బును ఆ దారినే పంపడం మొదలుపెట్టగా, బ్యాంకుల ద్వారా దేశానికి చేరే సొమ్ము 2020లో ఉన్న 710 కోట్ల డాలర్ల నుంచి 2021లో 550 కోట్లకు పడిపోయింది. అంటే రేటును కాపాడటానికి కావలసిన డాలర్లను ఆ రేటే తరిమేసింది. 2022 మార్చిలో పట్టు వదిలారు. మే నెలకు డాలరు 360 దాటింది. బ్యాంకులో 10 లక్షల శ్రీలంక రూపాయలు దాచుకున్న కుటుంబానికి పాస్‌పుస్తకంలో అంకె మారలేదు, కానీ 5,000 డాలర్ల విలువైన ఆ డబ్బు రెండు నెలల్లో దాదాపు 2,780 డాలర్లకు దిగింది. ఆ ఏడాది సెప్టెంబరులో కొలంబో ధరల పెరుగుదల దాదాపు 70 శాతం.

స్థిర రేటు ఆరోగ్యాన్ని బయటి మనిషి కనిపెట్టడానికి నాకు తెలిసిన అతి నమ్మకమైన గుర్తు ఇదే: అధికారిక రేటుకూ వీధి రేటుకూ ఎంత తేడా ఉంది? దుబాయ్‌లో ఆ తేడా పైసల్లో ఉంటుంది. తేడా పెరుగుతూ, బ్యాంకులో "ఇప్పుడు డాలర్లు లేవు" అనడం మొదలైతే, ఆ రేటు కాగితం మీద మాత్రమే ఉన్నట్టు.

స్వేచ్ఛగా వదిలేసిన రేటు

దీనికి పూర్తి వ్యతిరేకం ఫ్లోటింగ్ పద్ధతి. 1983 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియా తన డాలరును ఈ పద్ధతికి వదిలింది. అక్కడి కేంద్ర బ్యాంకు ధరల మీద, వడ్డీ మీద దృష్టి పెడుతుంది. రేటును మార్కెట్‌కు వదిలి, ఎప్పుడో తప్ప చేయి పెట్టదు. ఒక్కసారిగా కూలే ప్రమాదం తక్కువ, ఎందుకంటే రేటు రోజూ కొంచెం కొంచెంగా పడుతూ లేస్తూ ఉంటుంది. కానీ ఆ రోజువారీ ఊగిసలాటను ఇంటివారు, దిగుమతి వ్యాపారులు తామే భరించాలి.

మన రూపాయి ఏ కోవలోది

1993 మార్చి నుంచి రూపాయి రేటును మార్కెట్ నిర్ణయిస్తుంది. అయితే రిజర్వ్ బ్యాంక్ పక్కనే నిలబడి చూస్తుంటుంది. రేటు మరీ వేగంగా కదిలినప్పుడు దిగుతుంది. ఫలానా అంకె దగ్గర ఆపుతామని చెప్పదు, ఊగిసలాటను తగ్గిస్తామని మాత్రమే అంటుంది. దీన్నే మేనేజ్డ్ ఫ్లోట్ అంటారు.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. డాలర్లకు గిరాకీ పెరిగి రూపాయి జారుతుంటే, రిజర్వ్ బ్యాంక్ కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకుల ద్వారా డాలర్లు అమ్మిస్తుంది. అమ్మిన ప్రతి డాలరుకు బదులుగా రూపాయలు బ్యాంకుల నుంచి రిజర్వ్ బ్యాంక్‌కు తిరిగి వెళ్తాయి, కాబట్టి ఈ పని ఎక్కువ రోజులు చేస్తే దేశంలో రూపాయలకే కటకట వస్తుంది. 2021 సెప్టెంబరులో 64,200 కోట్ల డాలర్లుగా ఉన్న మన విదేశీ మారక నిల్వలు 2022 అక్టోబరుకు 52,500 కోట్ల దగ్గరకు తగ్గాయి. ఆ తగ్గుదలంతా అమ్మకం వల్లే అనుకోకూడదు: నిల్వల్లో యూరోలు, బంగారం కూడా ఉంటాయి, డాలరు బలపడితే వాటి విలువ డాలర్ల లెక్కలో దానంతటదే తగ్గుతుంది. ప్రతి శుక్రవారం వెలువడే నిల్వల అంకె చదివేటప్పుడు ఈ మెలిక గుర్తుండాలి.

2022లో మన రేటు 74.50 నుంచి 83కు చేరింది, కానీ పది నెలల్లో చేరింది. శ్రీలంకలో జరిగినదానికీ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఇంటి ధరల్లోకి ఎలా వస్తుంది

వంటనూనె తీసుకుందాం, మన అవసరంలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది. ఇండోనేషియా పామోలిన్ టన్ను 1,000 డాలర్లు అనుకుంటే, డాలరు 74.50 ఉన్నప్పుడు కిలో 74.50 రూపాయలు, 83 ఉన్నప్పుడు 83 రూపాయలు. సుంకం, రవాణా వేయకముందే ఎనిమిదిన్నర రూపాయల తేడా. అయినా 2022 చివరికి దుకాణంలో నూనె ధర తగ్గింది! ఆ ఏడాది వసంతంలో ఆకాశాన్నంటిన పామాయిల్ ధర తరువాతి నెలల్లో ప్రపంచ మార్కెట్‌లో కుప్పకూలడమే కారణం. రూపాయి జారడం వల్ల ఆ తగ్గుదలలో కొంత భాగం మనదాకా రాలేదు, అంతే. పెట్రోలు ఇంకో రకం: 2022 మే చివరి నుంచి దాదాపు రెండేళ్లు బంకులో ధర కదల్లేదు, రూపాయి మాత్రం కదిలింది. కాబట్టి "రూపాయి పడింది, రేపే ధరలు పెరుగుతాయి" అని లెక్క కట్టడం సరికాదు. డాలర్లలో సరుకు ధర ఏమైంది, మధ్యలో ఎవరు భరిస్తున్నారు అని రెండు ప్రశ్నలు కలిపి వేయాలి.

జగిత్యాలలో ఆ 1,500 దిర్హంలు అందుకునే ఇంటికి నెలకు సుమారు 3,470 రూపాయలు ఎక్కువ వచ్చాయి. పక్కింట్లో రూపాయల్లో కూలి తెచ్చుకునేవారికి అటువంటి రాబడి ఏమీ లేదు, దిగుమతి సరుకు భారం మాత్రం సమానంగానే పడుతుంది.

పొదుపు లెక్క

దిర్హంలు సంపాదించే మనిషి దగ్గర 5,000 డాలర్ల విలువైన సొమ్ము ఉంది, డాలరు 83 రూపాయలు. మన దేశపు బ్యాంకులో రెండు దారులున్నాయి: ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో రూపాయల డిపాజిట్, లేదా ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాలో డాలర్ల డిపాజిట్. దిర్హం డాలరుకు కట్టి ఉంది కాబట్టి రెండోది అతనికి దాదాపు దిర్హంలలో దాచుకున్నట్టే. ఉదాహరణకు మొదటిదానికి వడ్డీ ఏడాదికి 6.5 శాతం, రెండోదానికి 4 శాతం అనుకుందాం.

రూపాయల్లో వేస్తే 4,15,000 ఏడాదికి 4,41,975 అవుతుంది. డాలర్లలో వేస్తే 5,000 కాస్తా 5,200 అవుతుంది. 4,41,975ని 5,200తో భాగిస్తే 85 వస్తుంది. అదే గీత: ఏడాది తిరిగేసరికి డాలరు 85 దాటితే డాలర్ల డిపాజిట్ లాభం, దాటకపోతే రూపాయల డిపాజిట్ లాభం. 2010 చివర 45 రూపాయల దగ్గరున్న డాలరు 2022 అక్టోబరుకు 83 అయింది, అంటే సగటున ఏడాదికి 5 శాతం పైగా. కానీ ఆ సగటు లోపల రేటు కదలని ఏళ్లూ ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, సొంత ఊళ్లో ఇల్లు కట్టడానికి దాస్తున్న డబ్బును రూపాయల్లోనే ఉంచండి, ఎందుకంటే మేస్త్రీకి ఇచ్చేది రూపాయలే. అమెరికాలో చదవబోయే పిల్లల ఫీజు కోసం దాస్తున్నదైతే డాలర్లలో ఉంచండి.

అభ్యాసం

సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర స్థిరంగా ఉంది. డాలరు 85 రూపాయలు ఉన్న రోజు రియాల్ రేటు కట్టండి, 22.67 వస్తే సరే. తరువాత ఇదే పద్ధతిని కువైట్ దినార్‌కు వాడి చూడండి, కుదరదు. 2007 మే నుంచి దినార్‌ను ఒక్క డాలరుకు కాక కొన్ని కరెన్సీల బుట్టకు కట్టారు. డాలరు అన్నిటి మీదా బలపడిన 2022లాంటి ఏడాదిలో, కువైట్ నుంచి పంపేవారికి రూపాయల్లో దక్కే పెరుగుదల దుబాయ్ నుంచి పంపేవారికంటే ఎక్కువా, తక్కువా? కారణంతో సహా రాసుకొని ఉంచండి. 5వ పాఠం అక్కడినుంచి మొదలవుతుంది.