వరద హెచ్చరిక వీడియోలో ఇంటర్‌ప్రెటర్ వెనకబడుతున్నారా? ముందు స్క్రిప్ట్ చూడండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు జిల్లాలో తుపాను, వరద హెచ్చరిక వీడియోలు వరసగా వస్తుంటాయి. స్క్రీన్ మూల చిన్న బాక్సులో సైగల భాష ఇంటర్‌ప్రెటర్ ఉంటారు. యాంకర్ తర్వాతి విషయానికి వెళ్లిపోయినా బాక్సులో చేతులు ఇంకా పాత సంగతే చెబుతుంటే "ఆమె స్లో అండీ" అనేస్తారు. విని, అర్థం చేసుకుని, సైగల్లోకి మార్చాలి కాబట్టి రెండు మూడు సెకన్లు వెనక ఉండటం మామూలే. ఆ తేడా పెరుగుతూ పోతుంటే మాత్రం తప్పు ఎక్కువగా కాగితం మీదే ఉంటుంది.

ఎక్కడుందో తెలియాలంటే ఆ వీడియోను యాంకర్ పెదాలు, ఇంటర్‌ప్రెటర్ చేతులు మాత్రమే గమనిస్తూ ఇంకోసారి చూడండి.

సమస్య: చేతులు ఆగి ఉంటాయి, తర్వాత ఒక్కసారిగా పరుగెత్తుతాయి

కారణం మన వాక్యమే. తెలుగులో క్రియ చివర వస్తుంది. నదిలోకి దిగాలా, దిగొద్దా అన్నది ఆఖరి మాట దాకా తేలదు. అప్పటిదాకా విన్నదంతా ఇంటర్‌ప్రెటర్ మనసులో మోయాలి. నమూనాగా ఈ వాక్యం చూడండి (అంకెలు ఉదాహరణకే):

"సోమశిల జలాశయం నుంచి రాత్రి 8 గంటలకు 50 వేల క్యూసెక్కుల నీటిని పెన్నాలోకి విడుదల చేయనున్నందున ఆత్మకూరు, సంగం, కోవూరు మండలాల్లోని నదీతీర గ్రామాల ప్రజలు చేపల వేటకు గానీ పశువులను మేపడానికి గానీ నదిలోకి దిగవద్దు."

పరిష్కారం: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరుగుతుంది, ఏం చేయాలి అన్న వరసలో విడగొట్టండి.

"ఈ రాత్రి 8 గంటలకు సోమశిల గేట్లు ఎత్తుతారు. పెన్నాలో నీళ్లు పెరుగుతాయి. మూడు మండలాలకు హెచ్చరిక. ఆత్మకూరు. సంగం. కోవూరు. పెన్నా ఒడ్డు గ్రామాల వాళ్లు నదిలోకి దిగొద్దు. చేపల వేట వద్దు. పశువులను నదిలోకి తోలొద్దు."

క్యూసెక్కులు తీసేశాను. ఒడ్డున ఉన్నవాళ్లకు కావాల్సింది నీళ్లు పెరుగుతాయన్న కబురు. అంకె తప్పదని అధికారులు పట్టుబడితే చివర్లో దాన్ని విడిగా ఒక వాక్యంగా పెట్టండి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. చిన్న వాక్యాలు రాయమన్నారు కదా అని "నీళ్లు వస్తాయి. అవి పెరుగుతాయి. అక్కడికి వెళ్లొద్దు" అని రాస్తే పని చెడుతుంది. సైగల భాషలో ముందు ఒక చోటును గాల్లో స్థిరపరచి, తర్వాత దానివైపు చూపిస్తారు. పేరు ముందు చెప్పకపోతే "అక్కడ" అన్నప్పుడు వేలు ఎటు చూపాలి?

యాంకర్‌ను నిదానంగా చదవమనడం కూడా మందు కాదు. పొడుగు వాక్యం నిదానంగా చదివితే క్రియ ఇంకా ఆలస్యంగా వస్తుంది.

సమస్య: ఒక్కచోటే తేడా పెరుగుతుంది, ఊళ్ల పేర్లు ఎగిరిపోతాయి

సైగ తెలియని పేరును అక్షరం అక్షరంగా చేతులతో చూపాలి. భారతీయ సైగల భాషలో అందుకు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలు వాడతారు. అనంతసాగరం అని మనం ఒక్క గుక్కలో అంటాం, వాళ్లు పదమూడు పద్నాలుగు అక్షరాలు చూపాలి. వరసగా ఆరు ఊళ్లు చదివితే చివరి రెండూ మింగేయక తప్పదు.

పేర్ల జాబితా ముందురోజే పంపండి. ఏ ఊరికి సైగ పేరు ఉందో ఇంటర్‌ప్రెటర్ స్థానిక బధిరులను అడిగి తెలుసుకుంటారు. స్క్రిప్టులో మూడేసి పేర్ల తర్వాత విరామం రాయండి. అవే పేర్లు అదే సమయంలో స్క్రీన్ మీద స్క్రోల్ చేయకండి. చూసేవాళ్ల కళ్లు రెండే, అవి ఒకేసారి రెండు చోట్ల ఉండవు.

సమస్య: ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు

"అంటే మత్స్యకారులు ఇప్పుడు..." అని యాంకర్ అడుగుతుండగానే అధికారి "లేదు లేదు, రెండు రోజులు అసలు..." అని అందుకుంటారు. చెవులకు అది సహజంగానే ఉంటుంది. కానీ రెండు గొంతులకూ బాక్సులో ఉన్నది ఒకే జత చేతులు. ఒకటి వదిలేయాలి, వదిలేసేది తరచు ప్రశ్నే. అప్పుడు జవాబు దేనికో అర్థం కాదు. స్క్రిప్టులో ఇలా రాయండి:

యాంకర్: సార్, కృష్ణపట్నం మత్స్యకారులు వేటకు వెళ్లొచ్చా?
(2 సెకన్లు ఆగాలి)
అధికారి: వెళ్లొద్దు. రెండు రోజులు వేట వద్దు.
(3 సెకన్లు ఆగాలి)
యాంకర్: ఇప్పటికే సముద్రంలో ఉన్నవాళ్ల సంగతి?
(2 సెకన్లు ఆగాలి)
అధికారి: వెంటనే ఒడ్డుకు రావాలి.

ఆ బ్రాకెట్లు స్క్రిప్టులోనే ఉండాలి. షూటింగ్ రోజు నోటితో చెబితే టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు. మధ్యలో వచ్చే "అవును సార్", "కరెక్ట్ సార్" కొట్టేయండి. కూర్చునే చోట్లు కూడా మార్చకండి. ఇద్దరి మాటలు చెప్పేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఒకరి మాటకు ఒళ్లు ఒకవైపు, ఇంకొకరి మాటకు రెండోవైపు తిప్పుతారు. కెమెరా కోణం మారి అధికారి కుడి నుంచి ఎడమకు వచ్చినట్టు కనిపిస్తే చూసేవాళ్లు తికమకపడతారు.

ఎడిటర్‌కు ఒక మాట: అధికారి నమస్కారం పెట్టగానే కట్ చేయకండి. చేతులు కిందికి దిగేదాకా బాక్స్ ఉంచండి.