మృగశిరకు ముందు: కాల్ సారాంశంలో తర్వాత చెప్పిన మాటను ఎప్పుడు తీసుకోవాలి

జూన్ 7 లేదా 8న మృగశిర కార్తె వస్తుంది. ఒక మంచి వాన పడితే చాలు, పరకాల నుంచి నర్సంపేట దాకా పత్తి గింజలు నేలలో పడతాయి. ఆ మర్నాటి నుంచి మా సలహా కేంద్రానికి ఫోన్లు ఆగవు. రైతు మాట్లాడతారు, సలహాదారు జవాబిస్తారు, రికార్డింగు విని మనం సారాంశం రాస్తాం. ఆ నాలుగు వాక్యాలే గ్రామంలోని వ్యవసాయ విస్తరణ అధికారికి చేరతాయి. ఆయన రికార్డింగు వినరు, మనం రాసిందే చదువుతారు. ఈ ఏడాది కొత్తగా చేరినవారు ఈ రద్దీకి ముందే ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి. రైతు ఒక మాట చెప్పి, తర్వాత దాన్ని మార్చితే సారాంశంలో ఏది నిలవాలి?

చివర చెప్పినదే రాయమని మొదట్లో నాకు నేర్పారు. చాలాసార్లు అది సరిపోతుంది. సరిపోని కొన్నిసార్లు మాత్రం రైతు నష్టపోతాడు. ఒక కాల్‌ను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇది నేను శిక్షణ కోసం కల్పించిన కాల్, కానీ ఇందులోని ప్రతి మలుపూ ఏటా ఎదురవుతుంది.

సోమవారం ఉదయం పది గంటలు. రైతు మొదటి నిమిషంలో, "మూడు ఎకరాలమ్మా, రేగడి నేల. నిన్ననే పత్తి విత్తాం. గడ్డి రాకుండా మందు చెప్పండి" అన్నారు. సలహాదారు పెండిమిథాలిన్ చెప్పారు. ఇది గడ్డి మొలవకముందే పని చేసే మందు. విత్తిన 48 గంటల్లోపు తడి నేల మీద పిచికారీ చేయాలి. రేగడి నేలకు ఎకరాకు లీటరుంబావు, 200 లీటర్ల నీటిలో కలపాలన్నారు. మూడు ఎకరాలకు 3 లీటర్ల 750 మిల్లీలీటర్లు అని లెక్క కూడా కట్టి చెప్పారు.

రెండో నిమిషంలో రైతు, "అది కాదమ్మా, ముందు తైవాన్ పంపు దొరకాలి కదా" అన్నారు.

ఇక్కడే మొదటి ప్రమాదం. "కాదు" వినగానే దిద్దుబాటు అనుకుంటాం. మన భాషలో "అది కాదు", "అట్లా కాదు", "లేదండీ" అనేవి ఎదుటి మాటను తోసిపుచ్చడానికి ఎన్నిసార్లు వస్తాయో, కొత్త మాట ఎత్తుకోవడానికీ అన్నిసార్లు వస్తాయి. ఈ రైతు దేన్నీ మార్చలేదు, పంపు బాడుగకు దొరుకుతుందో లేదో అన్న తన బెంగ చెప్పుకున్నారు. నేను కొత్తగా చేరినప్పుడు ఒకరు డీఏపీ వేశామని చెప్పి, కాసేపటికి "అది కాదమ్మా, మొక్క మాత్రం పెరగడం లేదు" అన్నారు. డీఏపీ వేయలేదని రాశాను. దాన్ని చదివినవారు ఒక బస్తా వేయమని తిరిగి చెప్పారు. ఆ రైతే అనుమానపడి మళ్లీ ఫోన్ చేయకపోతే 1350 రూపాయల బస్తా అనవసరంగా మట్టిలో కలిసేది. అప్పటి నుంచి నాకొక అలవాటు. "కాదు" తర్వాత వచ్చిన మాట, ముందు చెప్పిన దాని స్థానంలో కూర్చుంటుందా అని చూస్తాను. "మూడు కాదు, రెండు" అంటే అంకె స్థానంలో అంకె వచ్చింది, అది దిద్దుబాటు. "అది కాదు, పంపు దొరకాలి" అంటే ఏ స్థానంలోకీ ఏదీ రాలేదు.

నాలుగో నిమిషంలో వెనుక నుంచి ఒక స్త్రీ గొంతు వినిపించింది. "పత్తి మూడు ఎకరాలెక్కడిది? రెండు పదే కదా!" రైతు వెంటనే, "అవునమ్మా, పత్తి రెండు పది. మిగిలిన దాంట్లో కంది పెట్టాం" అన్నారు.

ఈ ఒక్క చోట మూడు విషయాలున్నాయి. మొదటిది, దిద్దింది ఫోను పట్టుకున్న మనిషి కాదు. అయినా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే రైతు ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకోకుండా మాట దాటేస్తే రెండు అంకెలూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టాలి. వెనుక గొంతును తేలిగ్గా తీసేయకండి. మన దగ్గర పత్తి గింజలు నాటేది ఎక్కువగా ఆడవాళ్లే. ఎన్ని ప్యాకెట్లు పట్టాయో, ఏ సాలు దాకా పత్తి వేశారో, ఏ పూట పని ముగిసిందో ఆమెకే బాగా తెలుస్తుంది. పట్టా ఎవరి పేరున ఉంది, అప్పు ఎంత ఉంది అన్న విషయాల్లో రైతు మాటకు బరువు ఎక్కువ. ఎవరు ఫోను పట్టుకున్నారన్నది పక్కన పెట్టి, ఆ విషయాన్ని కళ్లతో చూసినవారెవరో ఆలోచించాలి.

రెండోది, "రెండు పది" అంటే ఎంత? 2.10 అని రాస్తే చదివేవారు రెండు ఎకరాల మీద పదో వంతు అనుకుంటారు. పాసుపుస్తకంలో చుక్క తర్వాత ఉండేవి గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండు ఎకరాల పది గుంటలంటే రెండుంబావు ఎకరాలు. సారాంశంలో చుక్క పెట్టకుండా "2 ఎకరాల 10 గుంటలు" అని విడమరిచి రాయండి. దిద్దిన అంకెను తప్పుగా రాస్తే, దిద్దకముందు ఉన్న తప్పు కంటే అది ఎక్కువ నమ్మకంగా ముందుకు పోతుంది.

మూడోది, పాత మాట మొత్తం చెరిగిపోలేదు. పత్తి 2 ఎకరాల 10 గుంటలు, కంది 30 గుంటలు. కలిపితే మూడు ఎకరాలే. రైతు మొదట చెప్పింది చేను విస్తీర్ణం, తర్వాత చెప్పింది పత్తి విస్తీర్ణం. "మూడు" కొట్టేసి "రెండుంబావు" రాస్తే కంది మాయమవుతుంది. ఏ దిద్దుబాటు వచ్చినా అది దేని గురించో ముందు తేల్చుకోవాలి. నేల సంగతీ అంతే. ఐదో నిమిషంలో ఆయన "గట్టు పక్కన కొంచెం చల్క కూడా ఉంటుంది" అన్నారు. రేగడి అన్న మాట దాంతో పోలేదు, దానికి ఇంకొకటి కలిసింది. కలిపే రాయాలి.

ఆరో నిమిషంలో రైతు తనంతట తానే ఆగి, "నిన్న అన్నాను కదా... కాదు, శనివారం. సంతకు పోయి వచ్చి సాయంత్రం ఐదింటికి ముగించాం" అన్నారు. ఇది బలమైన దిద్దుబాటు. మాట తనది, తప్పు తానే పట్టుకున్నారు, గుర్తుకు సంత అనే ఆనవాలు ఉంది, గంట కూడా చెప్పారు. "నిన్న" అన్నది ఫోను తీసిన తొందరలో వచ్చిన మాట. ఈ ఒక్క తేడాతో గడువు మారిపోయింది. నిన్న విత్తి ఉంటే మంగళవారం దాకా సమయం ఉండేది. శనివారం సాయంత్రం ఐదింటికైతే 48 గంటలు ఈ సోమవారం సాయంత్రం ఐదుకే నిండుతాయి.

కాల్ ముగుస్తుండగా సలహాదారు, "అయితే నిన్న సాయంత్రం విత్తారు, రేపటిలోగా కొట్టేయండి" అన్నారు. రైతు "ఆఁ, ఆఁ" అన్నారు.

చివరి మాటే రాయాలన్న సూత్రం పట్టుకుంటే ఇక్కడ మునిగిపోతాం. వరుసలో అన్నిటికంటే చివరిది "నిన్న". దానికి రైతు ఔనన్నట్టూ ఉంది. కానీ ఆ "ఆఁ" వింటున్నానని చెప్పే ఊకొట్టు మాత్రమే. సలహాదారు పొరపాటున పాత రోజునే అన్నారు, రైతు గమనించలేదు. రైతు తన నోట తన పని గురించి ఆనవాలుతో చెప్పిన శనివారాన్ని, ఇంకొకరి మాటకు కొట్టిన ఊకొట్టు చెరపలేదు. రైతు రోజును తిరిగి పలికి, "అవును, నిన్న ఆదివారమే" అని ఉంటే అప్పుడు సందేహం నిజమైనదే. అప్పుడు రెండూ రాసి "తేలలేదు" అనాలి.

ఈ కాల్‌ను కాసేపు పక్కన పెట్టి ఇంకో సంగతి చూద్దాం. తర్వాత చెప్పిన మాట కంటే ముందు చెప్పిందే గట్టిదయ్యే సందర్భాలూ ఉంటాయి. రైతు మొదట డబ్బా చేతిలో పట్టుకుని పేరు, శాతం చదివి చెబుతారు. తర్వాత చేనులో నడుస్తూ, "అది ఇరవై శాతమో ఏమో లెండి" అంటారు. చదివి చెప్పినదాన్ని గుర్తు మీద అన్నది తోసేయదు. "ఏమో", "అనుకుంటా", "అయి ఉంటుంది" అన్నవి చివర చేరితే ఆ మాటను దిద్దుబాటుగా కాక అనుమానంగానే రాయాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. ఈ కాల్‌లో రైతు విస్తీర్ణం దిద్దారు, రోజు దిద్దారు. సలహా మాత్రం దిద్దలేదు. మూడు ఎకరాల లెక్కన చెప్పిన 3 లీటర్ల 750 మిల్లీలీటర్లే ఆయన చెవిలో ఉన్నాయి. పత్తికి కావలసింది సుమారు 2 లీటర్ల 800. ఉన్నదంతా ఆ రెండుంబావు ఎకరాల మీదే పోస్తే చెప్పిన మోతాదు కంటే మూడో వంతు ఎక్కువ పడుతుంది. అంతేకాక, రేపు కొట్టినా చాలనుకుంటూ ఆయన ఫోను పెట్టేశారు. మనం సారాంశంలో విస్తీర్ణం, రోజు సరిగ్గా రాసి, మందు లెక్క కూడా మనమే సవరించి శుభ్రంగా పెడితే కాగితం బాగుంటుంది. చదివిన అధికారి సరైన సలహా అందిందనుకుంటారు. చేనులో మాత్రం పాత లెక్కే నడుస్తుంది.

అందుకే సలహాను మనం ఎన్నడూ దిద్దకూడదు. రైతు చెప్పిన విషయంలో దిద్దుబాటును తీసుకోవాలి. సలహాను కాల్‌లో ఎలా పలికారో అలాగే ఉంచి, అది పాత అంకె మీద చెప్పినదని రాసి, తిరిగి ఫోన్ చేయాలని పైన పెట్టాలి. నేనైతే ఈ కాల్‌కు ఇలా రాస్తాను:

"వెంటనే ఫోన్ చేయాలి, సోమవారం సాయంత్రం 5 లోపు. పత్తి 2 ఎకరాల 10 గుంటలు (మొదట 3 ఎకరాలన్నారు, అది కందితో కలిపి, కంది 30 గుంటలు). రేగడి, గట్టు పక్కన కొంత చల్క. విత్తింది శనివారం సాయంత్రం 5 (మొదట 'నిన్న' అన్నారు, తానే దిద్దారు). సలహా: పెండిమిథాలిన్ 3 లీటర్ల 750 మి.లీ., మంగళవారం లోగా. ఇది 3 ఎకరాలు, ఆదివారం అన్న లెక్క మీద చెప్పినది, కాల్‌లో సవరించలేదు. పంపు ఇంకా దొరకలేదు."

పాత మాటను బ్రాకెట్‌లో ఉంచడం ఎందుకని అడుగుతారు. అన్ని దిద్దుబాట్లకూ అవసరం లేదు. ఊరి పేరు తడబడి వెంటనే సరిచేసుకుంటే సరైనది ఒక్కటి రాస్తే చాలు. పాత మాట మీద ఎవరైనా ఏదైనా లెక్క కట్టినా, సలహా ఇచ్చినా, మందు కొన్నా మాత్రం అది సారాంశంలో కనిపించాలి. లేకపోతే సలహాలోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవారికి అంతుపట్టదు. అలాగే "నిన్న", "మొన్న" అని రాయవద్దు. సారాంశం చదివే రోజుకు ఆ మాటల అర్థం మారిపోతుంది.

రికార్డింగు చివరి అర నిమిషం తప్పక వినండి. "ఉంటానమ్మా మరి" అన్నారని ఆపేస్తారు చాలామంది. మనవాళ్లు ఫోను పెట్టే ముందు, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో నిలబడి మాట్లాడినట్టు, అసలు సంగతి అప్పుడే చెబుతారు. ఈ కాల్‌లోనూ "ఉంటాను" అన్న తర్వాత, "ఆ, పంపు మా బావమరిది దగ్గర ఉందట, మధ్యాహ్నం తెచ్చుకుంటాను" అని ఉంటే నా సారాంశంలో చివరి వాక్యం తప్పయ్యేది.