శనివారం రాత్రి పోయిన 18,400 రూపాయలు

2023లో ఒక శనివారం రాత్రి, ఎంవీపీ కాలనీలో ఇంట్లో భోజనం చేస్తుండగా నా డెబిట్ కార్డు నుంచి 18,400 రూపాయలు ఏదో విదేశీ సైట్‌కు వెళ్లినట్లు సందేశం వచ్చింది. ఓటీపీ రాలేదు, కార్డు నా పర్సులోనే ఉంది. విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే చెల్లింపు జరిగిపోవచ్చు.

వెంటనే యాప్‌లో కార్డు ఆపేసి, బ్యాంకుకు ఫోన్ చేశాను. "సోమవారం బ్రాంచికి రండి సార్, ఓటీపీ మీరే చెప్పి ఉంటారు" అన్నారు. ఊరుకోలేదు. ఫిర్యాదు సంఖ్య ఇచ్చేదాకా ఫోన్ పెట్టలేదు, ఆ సంఖ్యతోనే ఈమెయిల్ కూడా పంపాను. సమయం నిరూపించేది అదే.

అప్పుడు అమల్లో ఉన్న 2017 జులై ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుది గానీ మనది గానీ కానప్పుడు మూడు పని దినాల్లో చెబితే మన నష్టం సున్నా. సందేశం వచ్చిన రోజు లెక్కలోకి రాదు, ఆదివారం పని దినం కాదు. అంటే నాకు బుధవారం దాకా గడువుంది. గురువారం చెప్పి ఉంటే, మామూలు పొదుపు ఖాతా కాబట్టి 10,000 దాకా నేనే భరించాల్సి వచ్చేది. ఏడు పని దినాలు దాటితే బ్యాంకు సొంత విధానమే దిక్కు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మనదే.

తప్పు నాదని నిరూపించాల్సింది బ్యాంకేనని రాశాను. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో సొమ్ము తాత్కాలికంగా జమ చేయాలి. ఎనిమిదో రోజున పడింది.