లాభం ఉంది, గిట్టుబాటు లేదు: బోర్డుకు ఎలా చెప్పాలి?

సమస్య

ప్రాజెక్టు ఐదేళ్లలో 50 కోట్ల లాభం చూపిస్తుంది. ఎన్‌పీవీ, అంటే నికర వర్తమాన విలువ, మైనస్ 8.8 కోట్లని మీరు చెప్పారు. డాక్టరో, ఇంజనీరో, న్యాయవాదో అయిన ఒక సభ్యుడు అడుగుతారు: "లాభం 50 కోట్లంటున్నారు, మళ్లీ విలువ పోతుందంటున్నారు. ఈ రెండింటిలో ఏది నిజం?"

రెండూ నిజమే. చిక్కల్లా, ఆ సమాధానం విన్నవాళ్లు మీరేదో దాటవేస్తున్నారని అనుకోవడం.

కారణం: రెండు అంకెల మధ్య వంతెన లేదు

మన ఉదాహరణలో యంత్రాలకు 100 కోట్లు. ఏటా 20 కోట్ల చొప్పున తరుగుదల రాస్తే ఐదేళ్లకు పుస్తక విలువ సున్నా అవుతుంది. సరుకు నిల్వలకు, ఖాతాదారులు ఆలస్యంగా చెల్లించే బిల్లులకు మొదటి రోజే మరో 30 కోట్లు కావాలి. ఇది నిర్వహణ మూలధనం; ఐదో ఏడాది చివర పూర్తిగా తిరిగి వస్తుంది. పన్ను పోగా లాభం వరుసగా 2, 4, 8, 14, 22 కోట్లు. సంస్థ తన పెట్టుబడిపై కోరే కనీస రాబడి 12 శాతం.

లాభాల పట్టీ వేసేవారు ఏం చేస్తారంటే, సగటు లాభం 10 కోట్లను యంత్రాల సగటు పుస్తక విలువ 50 కోట్లతో పోల్చి 20 శాతం రాబడి అంటారు. 12 కావాలంటే 20 వస్తోంది, ఇంకేం కావాలి? కానీ ఆ లెక్కలో 30 కోట్ల నిర్వహణ మూలధనం జాడే లేదు. మొదటి ఏడాది 2 కోట్లు, ఐదో ఏడాది 22 కోట్లు సగటులో పడి ఒకటే అయిపోయాయి. అసలైన లోపం ఇంకొకటి: వాటాదారుల డబ్బు ఐదేళ్లు ఇక్కడ చిక్కుకుపోయినందుకు లాభనష్టాల ఖాతాలో ఖర్చు కింద ఒక్క పైసా కూడా రాయరు. అప్పు మీద వడ్డీ ఖర్చుగా పడుతుంది, సొంత డబ్బు మాత్రం ఉచితమైనట్టు కనిపిస్తుంది. ఆ ఖర్చును కూడా తీసేశాక మిగిలేదే అసలు లాభమని ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశారు.

పరిష్కారం: డిస్కౌంటు పట్టీ పక్కన పెట్టి, డబ్బుకు అద్దె వేయండి

తప్పు ఎక్కడ జరుగుతుందో నాకు అనుభవమే. తొలిసారి, రాబోయే డబ్బును నేటి విలువకు తగ్గించే 0.8929, 0.7972 లాంటి గుణకాల పట్టీ తెర మీద పెట్టాను. సభ్యులంతా తలలూపారు. ఎవరికీ అర్థం కాలేదని తరువాతి ప్రశ్నతోనే తెలిసింది. ఇప్పుడు ఈ పట్టీ చూపిస్తాను (అంకెలు కోట్లలో):

| ఏడాది | మొదట్లో చిక్కుకున్న డబ్బు | 12% అద్దె | లాభం | మిగిలింది |
|---|---|---|---|---|
| 1 | 130 | 15.6 | 2 | −13.6 |
| 2 | 110 | 13.2 | 4 | −9.2 |
| 3 | 90 | 10.8 | 8 | −2.8 |
| 4 | 70 | 8.4 | 14 | 5.6 |
| 5 | 50 | 6.0 | 22 | 16.0 |
| మొత్తం | | 54 | 50 | −4 |

దానితో పాటు చెప్పే మాటలు రెండు నిమిషాలు మించవు:

"గౌరవ సభ్యులకు నమస్కారం. ఈ ప్రాజెక్టు 50 కోట్ల లాభం తెస్తుంది. ఆ అంకెలో తప్పు లేదు. అయితే ఒక ఇంటిని ఐదేళ్లు ఊరికే ఎవరికైనా ఇస్తే మనం అద్దె నష్టపోయినట్టే కదా? ఇక్కడ ఇస్తున్నది 130 కోట్లు. ఇంతే నష్టభయం ఉన్న మరోచోట పెడితే అది ఏటా 12 శాతం తెస్తుంది. యంత్రాల విలువ ఏటా 20 కోట్లు తిరిగి వస్తుంది కనుక అద్దె కూడా తగ్గుతూ వస్తుంది. అయినా ఐదేళ్ల అద్దె 54 కోట్లు, లాభం 50 కోట్లు. లాభం ఉంది, గిట్టుబాటు లేదు. చివరి నిలువు వరుసను చూడండి: తక్కువ పడింది మొదటి మూడేళ్లలో, మిగిలింది చివరి రెండేళ్లలో. ముందు పడిన లోటు మీద కూడా అద్దె పెరుగుతుంది. ఆ కాలభేదాన్ని కలిపితే 4 కోట్ల లోటు, నేటి విలువలో 8.8 కోట్లు అవుతుంది. ఎన్‌పీవీ మైనస్ అంటే ఇదే."

"వడ్డీ" అనే మాట కావాలనే వాడలేదు. అది వాడితే "మనం అప్పు చేయడం లేదు కదా" అంటారు, చర్చ దారి తప్పుతుంది.

ఈ పట్టీ కేవలం ఉపమానం కాదు. చివరి నిలువు వరుసలోని ఐదేళ్ల అంకెలను 12 శాతంతో నేటి విలువకు తెస్తే, నగదు ప్రవాహాలతో వేసిన ఎన్‌పీవీ అంతే వస్తుంది. రాకపోతే లెక్కలోనే పొరపాటుంది. తరచుగా ఐదో ఏడాది నగదులో 30 కోట్లు తిరిగి కలపడం మరిచి ఉంటారు, లేదా లాభంలోంచి అప్పు వడ్డీని తీసేసి మళ్లీ 12 శాతం కూడా వేసి ఉంటారు. రెండోదైతే డబ్బు ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఇక్కడి లాభం పన్ను తరువాత, వడ్డీకి ముందు వేసినదై ఉండాలి.

"12 బదులు 10 శాతం వేస్తే?"

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. సభ్యులు ఆ రేటును మీరు మీ ఇష్టానికి తిప్పే మీట అనుకుంటారు. కనుక వారు అడగకముందే చెప్పండి: 10 శాతం వేసినా ఎన్‌పీవీ మైనస్ 1.2 కోట్లే, సుమారు 9.7 శాతం దగ్గర సున్నా అవుతుంది. ఇక చర్చ రేటు మీద కాక, "ఇంత నష్టభయానికి 9.7 శాతం చాలా?" అనే దాని మీద నడుస్తుంది. అది బోర్డు నిర్ణయించవలసిన విషయమే.

"అయితే వద్దంటారా?"

వెంటనే అవునని అనకండి. ముందు లోటు ఎక్కడ పుట్టిందో విడదీయండి. లాభం ఏటా సమానంగా 10 కోట్లు వచ్చి, నిర్వహణ మూలధనం అక్కర్లేకపోతే ఎన్‌పీవీ ప్లస్ 8.1 కోట్లు. లాభాలు ఆలస్యంగా రావడం వల్ల అందులో 4 కోట్లు పోతాయి. మిగిలిన ప్లస్ 4.1 కోట్లను మింగి, మైనస్ 8.8కి దించింది ఆ 30 కోట్లే. ఐదేళ్లకు పైసా తగ్గకుండా తిరిగి వచ్చినా దాని భారం నేటి విలువలో 13 కోట్లు. పాపం యంత్రాలది కాదు, బిల్లులు ఆలస్యంగా వసూలు కావడానిది, గోదాములో సరుకు పేరుకోవడానిది.

అంటే బేరమాడవలసిన చోటు కూడా తెలిసిపోయింది. నిర్వహణ మూలధనాన్ని సగానికి, 15 కోట్లకు, తగ్గించినా ఎన్‌పీవీ మైనస్ 2.3 కోట్ల దగ్గర ఆగిపోతుంది. సుమారు 9.5 కోట్లకు దించితేనే గిట్టుబాటవుతుంది. ఖాతాదారుల నుంచి ముందస్తు చెల్లింపు రాబట్టగలరా, సరఫరాదారులు గడువు పెంచుతారా అన్నది అమ్మకాల, కొనుగోళ్ల విభాగాలను అడిగి, రాతపూర్వకంగా హామీ తీసుకున్నాకే ప్రతిపాదనను మళ్లీ బోర్డు ముందుకు తెండి.